ఖాళీగా ఉన్నానని చెప్పడం

ఉద్యోగం మానేసిన పదకొండో నెలలో నా చేతిలో పనంటూ లేకుండా పోయింది. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో కంప్యూటర్ మీద మెషిన్ డ్రాయింగులు గీశాను. ఇంటి నుంచి సొంతంగా గీసుకుంటానని బయటికి వచ్చేటప్పుడు నాన్నకు ఒక మాట ఇచ్చాను, ఏడాదిలో నిలదొక్కుకోకపోతే మళ్ళీ కంపెనీకే పోతానని. పాత యజమాని కూడా ఏడాది దాకా నా చోటు ఉంచుతానన్నాడు. ఆ ఏడాదికి ఇంకా రెండు నెలలు కూడా లేవు.

నాన్న ఈ బెంగాల్ ఊళ్ళోనే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తాత కూడా అక్కడే. మా ఇంట్లో ఒకటో తారీఖున జీతం రావడమంటే పొద్దున్నే సైరన్ మోగడం లాంటిది. ఒక నెల మూడు జీతాలంత వచ్చి, పై నెల కరెంటు బిల్లుకు కూడా చాలకపోతే దాన్ని నాన్న సంపాదన అనడు, జూదం అంటాడు. అందుకే వచ్చినదంతా ఒక ఖాతాలో వేసి, ఒకటో తారీఖున నాకు నేనే జీతంలా కొంత తీసుకునేదాన్ని. ఆ ఖాతాలో ఇప్పుడు ఒక్క జీతానికి మించి లేదు.

తప్పు నాదే. మొదట్లో ఒకే పెద్ద క్లయింటు తీరిక లేనంత పని ఇచ్చాడు. నేను మురిసిపోయి ఇంకెవరినీ వెతకలేదు. చిన్న పనులతో వచ్చినవాళ్ళను తర్వాత చూద్దామని పంపేశాను. ఆయనేమో నెలజీతం మీద ఒక కుర్రవాణ్ణి పెట్టుకుని, ఇక మీకు శ్రమ ఇవ్వనని మర్యాదగా ఫోన్ చేశాడు.

ఇంట్లో చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాత డ్రాయింగులు తెరిచి మౌసు నొక్కుతూ ఉండేదాన్ని. నాన్న తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, పనిలో ఉన్నానని తృప్తిగా వెళ్ళిపోయేవాడు. సిగ్గులేనిదాన్ని, అమ్మ చేత టీ కూడా పెట్టించుకునేదాన్ని. వెళ్ళొస్తానని అందరికీ మిఠాయి పంచి వచ్చిన ఆఫీసులోకి మళ్ళీ ఏ మొహంతో అడుగుపెట్టాలి?

చివరికి మొండి ధైర్యంతో ఇందా పేటలో షెడ్డు నడిపే ఒక బెంగాలీ దగ్గరికి వెళ్ళాను, అందరూ దాదా అంటారు. రైసుమిల్లులకు ధాన్యం పోసే హాపర్లు చేస్తాడు. మొదటి నెలలో ఆయనకొక చిన్న డ్రాయింగు గీసిచ్చాను, నచ్చింది కూడా. పనేమైనా ఉందా అని ఎలాగో అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. ఈ మధ్యనే మూడు పనులు వేరేవాళ్ళకు ఇచ్చాడట.

“మీ నాన్నగారే చెప్పారు కదా దీదీ, మీకు పనితో ఊపిరాడటం లేదని,” అన్నాడు హిందీలో.

పూరీ గేట్ దగ్గర టీ కొట్టులో రోజూ పొద్దున్న రిటైరైనవాళ్ళూ షెడ్లవాళ్ళూ చేరతారు. అక్కడ నాన్న నా గురించి గొప్పలు చెప్పుకున్నాడన్నమాట. నా అబద్ధాన్నే నలుగురికీ పంచిపెట్టాడు. దాదా ఒక స్టాండు డ్రాయింగు ఇచ్చాడు. సగం అడ్వాన్సు, రెండుసార్లకు మించి మార్పులు అడిగితే అదనం, ఈసారి అంతా కాగితం మీద రాయించుకున్నాను. అది వారం పని, అంతే.

ఇంటికొచ్చి నాన్న మీద మండిపడ్డాను. ఆ ఊపులోనే నిజమంతా చెప్పేశాను.

“పని నేదని నలుగుర్లో ఎలగ సెప్తామమ్మీ? పరువు పోదేటి?” అన్నాడు.

“పరువుంది నాన్నా. పనే నేదు.”

మర్నాడు స్టాండు కొలతలు మళ్ళీ సరిచూసుకోవడానికి ఇందా వెళ్తూ టీ కొట్టు దాటుతున్నాను. నాన్న బెంచీ మీంచి లేచి నిలబడి ఉన్నాడు, చేతిలో టీ తాగకుండా అలాగే ఉంది.

“మా అమ్మికి ఇప్పుడు పని నేదు. కాళీగా ఉన్నాది. డ్రాయింగులు గీయించుకునీవోలుంటే సెప్పండి,” అన్నాడు.

నాకు చప్పున కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న గొంతు సవరించుకుని, పక్క బెంచీలో బెంగాలీవాళ్ళకు కూడా వినబడేలా అదే మాట హిందీలో మళ్ళీ చెప్పాడు.

గడువు తీరిన రోజుకు నా చేతిలో మూడు చిన్న పనులున్నాయి, మూడు వేర్వేరు చోట్లవి. నాన్న గడువు ఊసెత్తలేదు. కంపెనీకి ఫోన్ చేసి నా చోటు ఇంకెవరికైనా ఇమ్మన్నాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. ఆ భయం ఇప్పటికీ పోలేదు, పై నెల ఏమొస్తుందో ఇప్పటికీ తెలియదు. సోమవారం వస్తే మాత్రం నాన్న టీ కొట్టుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగుతాడు.

“ఈ వారం కాళీ ఉన్నాదేటమ్మీ? సెప్పమంటావా?”