నా ఫోటో మీద నేనే బుక్ చేసుకున్న సీటు

ప్రొద్దుటూరులో నేను లెక్కలు చెప్పిన కోచింగ్ సెంటర్‌లో ఒక పద్ధతి ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం ఉచిత డెమో క్లాసు నా చేత చెప్పించేవారు. పిల్లలు చేరాక అసలు క్లాసులకు అప్పుడే డిగ్రీ ముగించిన కుర్రవాళ్ళను తక్కువ జీతానికి పంపేవారు. చేరినవాళ్ళకు కూడా నేనే చెప్తానని ఒకసారి యజమానితో గట్టిగా అన్నాను. మర్నాటి నుంచి రానక్కర్లేదన్నాడు.

జమ్మలమడుగులో మా ఇంటి మిద్దె మీద సొంతంగా ట్యూషన్ మొదలుపెట్టాను. పదో తరగతి పరీక్షలయ్యాయి, ఇంటర్‌లో చేరబోయే పిల్లల కోసం ఎదురుచూస్తున్నాను. ఆ పిల్లలు వస్తేనే మా ఇల్లు గడుస్తుంది. వస్తామని మాటిచ్చిన తల్లిదండ్రులు ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. ఎందుకో ఒకాయన చెప్పాడు. మేడం ప్రొద్దుటూరులోనే చెప్తోందట, అక్కడైతే హాస్టల్ కూడా ఉందట.

పులివెందులలో ఒకామె ఉంది. భర్త కువైట్‌లో డ్రైవరు, పెద్ద కొడుకు, నేను ఆ సెంటర్‌కు రాకముందు, స్కూల్లో నా దగ్గరే చదివాడు. ఆమె నాకొక వాట్సాప్ మెసేజ్ పంపి, చిన్నవాడికి సీటు బుక్ చేశానని సంతోషంగా చెప్పింది. తెరిచి చూస్తే నా ఫోటో. కింద, 'ఈ ఆదివారం పది గంటలకు ఉచిత డెమో. సీట్లు పరిమితం. విద్యార్థి పేరు, తరగతి, ఊరు రాసి పంపితే సీటు ఖాయం. తల్లి గానీ తండ్రి గానీ ఇంటి పెద్ద గానీ తప్పక రావలెను' అని ఉంది.

ఒళ్ళు మండిపోయింది. యజమానికి ఫోన్ చేసి ఫోటో తీసేయమన్నాను. అది పాత పోస్టరని, దాంతో నాకు పోయేదేముందని నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు చాలా రోజులు నా చెవిలోనే ఉండిపోయేదేమో, కానీ అంతకాలం ఉండనివ్వదలుచుకోలేదు.

మా అక్క కూతురు కూడా ఆ ఏడే పది రాసింది. అక్క ఫోన్‌లోంచి దాని పేరు, తరగతి, ఊరు పంపాను. ఆ మెసేజ్‌లకు జవాబిచ్చేది మనిషి కాదు, కంప్యూటరని నాకు తెలుసు. క్షణంలో 'మీ సీటు ఖాయమైంది' అని వచ్చింది. శనివారం సాయంత్రం గుర్తు చేస్తూ ఇంకొకటి వచ్చింది. ఇంటి పెద్దగా నేనే బయల్దేరాను.

గేటు దగ్గర పనికి కొత్తగా చేరిన పిల్ల నా మొహం కూడా చూడకుండా ఫోన్‌లో సీటు చూసి లోపలికి పంపింది. హాలు నిండుగా ఉంది. పెద్దవాళ్ళు తప్పక రావాలనడంలో కిటుకు నాకు తెలియనిది కాదు. పాఠం విన్న వేడి చల్లారకముందే పక్క గదిలోకి తీసుకెళ్ళి అడ్వాన్సు కట్టించుకుంటారు. రెండో వరుసలో కూర్చున్నాను. ముందు వరుసలోని కువైట్ డ్రైవరు భార్య వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

పదయింది. బోర్డు దగ్గరికి ఒక కుర్రవాడు వచ్చి గొంతు సవరించుకున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"మేడం ఈడ కూర్చోనుండాది గదా. ఈ పిల్లోడు చెప్తాడేంది?"

హాలంతా నా వైపు తిరిగింది. వీరపునాయునిపల్లె నుంచి వచ్చిన ఒక రైతు ఫోన్ తీసి ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. యజమాని పరుగున వచ్చి నా పక్కన వంగి, ఈ ఒక్కసారికి క్లాసు తీసుకోమని, ఏమడిగితే అది ఇస్తానని గొణిగాడు. ఆయనకు చెమటలు పడుతున్నాయి. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

నేను లేచి, అందరికీ వినబడేలా అడిగాను.

"సార్, నేను ఈడ పని చేస్తాండానా? వీళ్ళకు చెప్పండి."

ఆయన ఇరుక్కున్నాడు. చేస్తున్నానంటే రేపటి క్లాసులో నన్ను చూపించాలి. చేయడం లేదంటే ఫోటో ఎందుకు పెట్టాడో చెప్పాలి. కుర్రవాడి వైపు తిరిగి, పాఠం మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు.

"మా ఆయన కువైట్ నుంచి ఫోన్ చేసి, ఆ మేడం ఉంటేనే చేర్చు అన్నాడు" అని ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. తర్వాత రైతు లేచాడు. ఆ వెనక కుర్చీల చప్పుడు ఆగలేదు. కుర్రవాడు చాక్‌పీసు చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. జాలిపడాల్సిందేమో, ఆ పూట నా దగ్గర జాలి లేదు.

మెట్ల దాకా యజమాని వెంట వచ్చాడు.

"తప్పయిపోయింది మేడం. ఫోటో ఇప్పుడే తీసేపిస్తా."

"తీయొద్దు సార్, ఉండనీండి. వచ్చే ఆదివారానికి ఇంకో సీటు బుక్ చేసుకుంటా."