మాయ చేస్తామన్న లెక్కల ఆఫీసు

సిరొంచ బజారులో ఏ దుకాణం ప్రకటన జనం ఫోన్లలోకి ఎక్కాలన్నా షబ్నమ్ రాయాల్సిందే. ఇంట్లో ఉర్దూ, బడిలో మరాఠీ, బజారులో తెలుగు. మూడింట్లోనూ ఆమె మాట తడుముకోదు. ఫొటో కింద రెండు ముక్కలు రాస్తే జనం ఆగి చదువుతారు. అందుకు కాస్త గర్వం కూడా ఉండేది, ఉండదా మరి!

తౌఫీక్ బొమ్మల దుకాణానికి ఇలా రాసింది: "గిర్రున తిరిగే బొంగరాలొచ్చాయి! అమ్మను లాక్కుని రండి, మాయ చూపిస్తాం!" సాయంత్రానికి పిల్లలు అమ్మల కొంగులు పట్టుకుని దిగారు. షబ్నమ్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు.

అదే ఊపులో అరుణ్‌కుమార్ ఆఫీసుకూ రాసేసింది. వ్యాపారుల పద్దులు చూసి పన్ను రిటర్నులు దాఖలు చేసే మనిషాయన, నవ్వడానికి కూడా రసీదు అడిగే రకం. "పన్ను భూతం వస్తోంది, బాబోయ్! కాగితాలు పడేయండి, మీ లెక్కలు మాయ చేసేస్తాం!"

మర్నాడే ఆ ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి అంకిస ఊరి వడ్ల వ్యాపారి కిష్టన్న సంచీ చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లెక్కల్ల మాయ ఏంది సార్? రేపు నోటీసు నా పేరు మీదొస్తది గద. నా కాగితాలు నేను తీస్కపోత."

షబ్నమ్‌కు జరిగింది అర్థమైంది. అరుణ్‌కుమార్‌కు పేరు పోతుంది. ఈ ఆఫీసు తనను మాన్పిస్తే బజారంతా మాన్పిస్తుంది.

"మాయ అంటే పిల్లలు ఉరికొచ్చిండ్రు సార్, గందుకే..."

"పిల్లలు ఆటకొస్తరు షబ్నమ్. మా దగ్గరికి భయంతోని వస్తరు. ఇంకింత భయపెడితె ఎట్ల?" అన్నాడు అరుణ్‌కుమార్.

ఆమె అక్కడే కూర్చుని పాతది తుడిచేసింది. "దాఖలు చేసే ముందు వచ్చినోళ్లకు లెక్క చూపిస్తరా సార్?" అని అడిగింది. "చూపియ్యకుంటె ఎట్ల?" అన్నాడాయన. అప్పుడు కొత్తది రాసి, పైకి చదివింది: "ఆదాయపు పన్ను రిటర్నుకు గడువు ఈ నెలాఖరు. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని రండి. మీరు లెక్క చూసి సరే అన్నాకే దాఖలు చేస్తాం."

"మల్లొకసారి సదువు బిడ్డా," అన్నాడు కిష్టన్న. రెండోసారి విని సంచీ బల్ల మీద పెట్టేశాడు. "గిట్ల జెప్తె ఎవలు పరేషాన్ అయితరు?"

షబ్నమ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అరుణ్‌కుమార్ మాత్రం సంచీ విప్పి కాగితాల్లో తల దూర్చాడు.

ఆ బెదురు ఇంకా పోక, తౌఫీక్‌కు ఇలా రాసింది: "చక్రాల బండ్లు అందుబాటులో ఉన్నవి. పరిశీలించి కొనుగోలు చేయగలరు." వెంటనే ఫోనొచ్చింది.

"ఏంది షబ్నమ్ ఆపా, తహసీల్ నోటీసా గిది? పిల్లలు గాదు, నేనే భయపడ్డ!"

షబ్నమ్ పకపకా నవ్వి, దాన్ని తీసేసి, "పీం పీం! జరగండి, జరగండి, మా బండొస్తోంది!" అని పెట్టింది.

ఇంతలో ఫోన్ మళ్లీ మోగింది, ఈసారి అరుణ్‌కుమార్. "పొద్దటిసంది నీ రాత సూసి నలుగురు వచ్చిండ్రు. వచ్చే నెలది గూడ నువ్వే రాయి."

"సరే సార్," అంది షబ్నమ్. ఫోన్ పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.