గీత దాటిన పట్టీ

ఇరవై ఏళ్ల వయసులో డొరోటా కూబియాక్ పోర్ట్ ఎల్డన్ టీవీ స్టేషన్‌లో వాతావరణ పటం మీద అట్టముక్క మబ్బులు అంటించేది. తెరమీద ఏదైనా కదులుతున్నంతసేపూ చూసేవాళ్లకి చెవులు పనిచెయ్యవని అక్కడే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకునే రకమా? వార్తలు చదివే పెద్దమనిషి "రేపు ఎండ" అంటుండగా ఓ తుపాను మబ్బుని పటం మీద కావాలనే అటూ ఇటూ షికారు తిప్పింది. మర్నాడు సగం ఊరు గొడుగులు పట్టుకుని నడినెత్తిన ఎండలో తిరిగింది. ఉద్యోగం ఊడింది గానీ విద్య ఒంటబట్టింది.

ఆ విద్యతోనే ఇప్పుడు, అరవైకి దగ్గరపడుతూ, బేకరీ మేడమీది చిన్న స్టూడియోలో బతుకుతోంది. లెక్కలకి బొమ్మలు కట్టి ఆడించే సినిమాలు వాళ్ల పని. బొమ్మల్ని కంప్యూటర్లో కదిలించేవాడు రెంజో బెలూచీ. వెనక వినిపించే మాటల్లో ఏ మాట దగ్గర ఏ అంకె బయటపడాలి, ఎంత వేగంగా లేవాలి, ఎలా ఆగాలి, ఎంతసేపు కదలకుండా ఉండాలి అన్నది రాసిచ్చేది డొరోటా. ఆ కాగితాన్ని బ్రీఫ్ అంటారు. దాని కింద సంతకం ఆమెది. సినిమాలో లెక్క తప్పితే మాట పడేది ఆ సంతకానికే, ఇంతవరకూ ఎప్పుడూ పడలేదు. ఆ విషయం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటుంది.

ఆ చలికాలం ఊరి బస్సుల సంస్థ పని వచ్చింది. నూటికి ఎనభై బస్సులు వేళకి నడవాలని లక్ష్యం పెట్టుకుంటే నడిచినవి డెబ్భై నాలుగు. డ్రైవర్లు చాలడం లేదు. కొత్తవాళ్లని ఇప్పించమని సంస్థ అధ్యక్షురాలు విల్హెల్మీనా ఆక్టర్‌బర్గ్ నగర కౌన్సిల్‌ని అడగబోతోంది. ఈ సినిమా ఆవిడ వెనక తెరమీద ఆడాలి.

డొరోటా బ్రీఫ్ రాసింది. ఎనభై దగ్గర లక్ష్యం గీత ముందే గీసి ఉండాలి. "డెబ్భై" అన్న మాటతో, వేళకి నడిచిన బస్సుల లెక్క చూపించే నిలువు పట్టీ లేవడం మొదలుపెట్టాలి, చివర్లో వేగం తగ్గుతూ మెత్తగా వచ్చి "నాలుగు" మీద ఆగాలి. మాటకంటే ముందు చేరకూడదు, చేరితే చెప్పబోయేది ముందే తెలిసిపోతుంది. ఆగాక గెంతకూడదు. ఆ తర్వాత కాసేపు మాటా వద్దు, కదలికా వద్దు. పట్టీకీ గీతకీ మధ్య ఖాళీని జనం చూసుకోవాలి.

సంస్థ తరఫున ప్రచారం చూసుకునే క్లిఫర్డ్ హాస్కెట్‌కి ఇది నచ్చలేదు. బస్సులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయని పత్రికలవాళ్లకి ఏడాదిగా చెబుతున్నవాడాయె. పైగా సినిమాలో గొంతు కూడా తనదే ఉండాలని పట్టుబట్టాడు.

"ఏంటండీ ఇది, శవాన్ని మోసుకెళ్తున్నట్టు! కాస్త హుషారు పెట్టండి. పట్టీ పైకెళ్లి గెంతాలి."

"గెంతితే గీత దాటుతుందండీ. పట్టీ ఎత్తే కదా లెక్క. దాటినంతసేపూ అబద్ధం చెప్పినట్టే."

"అర సెకను! ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడనిదానికి అంత ఆరాటం ఎందుకండీ?"

హాస్కెట్ ఆలోచనలో పడ్డాడు. ఆలోచన ఆయనకి అలవాటు లేని పని కాబట్టి ఫలితం ఘోరంగా వచ్చింది.

"నిజమే. అయితే చూసేలా చెయ్యండి! నెమ్మదిగా గెంతనివ్వండి. పైన కాస్త నిలబడనివ్వండి. ఇంకోటి, చివర్లో మాట లేని ఆ ఖాళీ తీసేయండి. అక్కడ నేను 'ప్రయాణికుల నమ్మకాన్ని గర్వంగా నిలబెట్టుకున్నాం' అంటాను."

స్టూడియో యజమాని ఫోన్ చేసి, వచ్చినాయన ఎలా అడిగితే అలా చేసిపెట్టమనీ, లేకపోతే పని ఎదురువీధి వాళ్లకి పోతుందనీ చెప్పేశాడు. డొరోటాకి ఒళ్లు మండింది. కింద బేకరీకి వెళ్లి రెండు డోనట్లు తిన్నా చల్లారలేదు. ముసలితనంలో అబద్ధానికి సంతకం పెట్టాలా అని నిజంగానే ఏడుపొచ్చింది. మూడో డోనట్ సగంలో ఉండగా ఆమె మొహం మారింది.

పైకొచ్చి హాస్కెట్ కోరినవన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఒక్కటే కలిపింది, పట్టీ నెత్తిమీది అంకె పట్టీ ఎత్తుతోనే మారుతూ ఉండాలని. ఆ తర్వాత హాస్కెట్ సాగదీసి చదివిన గొంతు పెట్టుకుని ఒక్కో మాటకీ వేళ కట్టింది.

రెంజో చదివి తల పట్టుకున్నాడు. "బాస్, 'గర్వంగా' దగ్గర పట్టీ గీత దాటి ఎనభై ఒకటి చూపిస్తుంది. 'నిలబెట్టుకున్నాం' అంటుంటే కిందికి జారిపోతుంది!"

"గెంతినది దిగాలి కదరా."

"మామూలు గెంతైతే గెంతులా కనిపిస్తుంది. ఇంత నెమ్మదిగా దిగితే పడిపోయినట్టే ఉంటుంది. పాపం అండీ."

"పాపం కాదు, బ్రీఫ్. దాచింది కూడా ఏం లేదు, చూడు. 'పట్టీ కాసేపు ఎనభై ఒకటి చూపిస్తుంది, అసలు లెక్క డెబ్భై నాలుగు' అని రాసే ఆయనకి పంపుతున్నాను. నువ్వు మాత్రం నా మొదటి బ్రీఫ్ ప్రకారం ఇంకోటి చేసి జేబులో పెట్టుకో."

హాస్కెట్ నుంచి ఒక్క ముక్కలో జవాబొచ్చింది: "అద్భుతం."

బస్సుల సంస్థ గదిలో అధ్యక్షురాలికి సినిమా చూపించారు. తెరమీద పట్టీ ఠీవిగా లేచి గీత దాటి, ఎనభై ఒకటి దగ్గర కులాసాగా నిలబడింది. హాస్కెట్ గొంతు గర్వంగా నిలబెట్టుకుంటూ ఉండగా జారుకుంటూ డెబ్భై నాలుక్కి వచ్చి పడింది.

ఆక్టర్‌బర్గ్ కళ్లజోడు తీసింది. "మనం ఎనభై ఒకటి ఎప్పుడు చేరాం?"

"చేరలేదు మేడమ్. అది… ఉత్త గెంతు," అన్నాడు హాస్కెట్.

"ఎవరు గెంతారు, బస్సులా? డ్రైవర్లు కావాలని నేను కౌన్సిల్ ముందు దేబిరిస్తుంటే, వెనకాల మీరు లక్ష్యం దాటించి మళ్లీ కిందపడేస్తారా? ఈ బ్రీఫ్ ఎవరిది?"

హాస్కెట్ చెయ్యి వెంటనే డొరోటా వైపు చూపించింది. తను తీసిన గోతిలో డొరోటా కూడా పడేలా ఉంది.

"సంతకం నాదేనండీ. ఇంకో సినిమా కూడా ఉంది, చూస్తారా?" అంది. ఎవరు గెంతమన్నారో మాత్రం చెప్పలేదు.

రెంజో రెండోది నడిపించాడు. వేళలు కట్టుకోవడానికి డొరోటా తన గొంతుతోనే తాత్కాలికంగా చదివి పెట్టిన మాటలు అందులో ఉన్నాయి. పట్టీ లేచింది, మెత్తగా ఆగింది. తర్వాత ఏమీ లేదు. గదిలో హీటర్ చప్పుడు వినిపించింది. ఆక్టర్‌బర్గ్ ఆ ఖాళీనే చూస్తూ కూర్చుంది.

"నా ఉపన్యాసంలో నాలుగు పేజీలు కొట్టేయొచ్చు. ఇదే పంపండి. గొంతు మాత్రం మన క్లిఫర్డ్‌దే ఉండనివ్వండి," అందావిడ.

డొరోటాకి ఆవిడని కావలించుకోవాలనిపించింది. సంతకం నిలబడింది. ఇక మిగిలింది హాస్కెట్.

మర్నాడు స్టూడియోలో మైకు ముందు కూర్చుని ఆయన "డెబ్భై నాలుగు" అన్నాడు. అని ఆగలేక, "అయినప్పటికీ…" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టించారు. ఈసారి "కానీ మిత్రులారా" వచ్చింది. ఆ తర్వాత ఓ దగ్గు వచ్చింది, అందులోనూ ఏదో సంజాయిషీ ఉంది.

"ఆ ఖాళీలో నేను ఏం చెయ్యాలండీ?" అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

"తెర వైపు చూడండి, చాలు."

ఆయన "డెబ్భై నాలుగు" అని తెర వైపు తిరిగాడు. పట్టీ వచ్చి ఆగింది. గీత దానికి అందకుండా పైన ఉంది. ఏడాదిగా ఆ లెక్క గురించి ఊరంతటికీ చెబుతున్నవాడు దాన్ని నిజంగా చూడటం అదే మొదలు కాబోలు. నోరు తెరిచే ఉంది, మాట మాత్రం రాలేదు. రెంజో రికార్డు ఆపాడు.

"పాడైంది కదా," అన్నాడు హాస్కెట్ తేరుకుని. "ఇంకోసారి చెబుతాను."

"వద్దండీ, దండం పెడతాను," అంది డొరోటా. ఆ గొంతులో వెటకారం వెతికినా దొరకదు. "మీరు ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు."