ఇద్దరికీ తొంభై అయిదు

లిఫ్టుల కంపెనీలో అతన్ని అందరూ బ్రేకు బాబాయ్ అంటారు. ఏ భవనంలో లిఫ్టు పాడైనా సరే, గుమ్మంలో అడుగు పెట్టగానే అతని నోట వచ్చే మొదటి మాట "బ్రేకు చూశారా?" అని. పందొమ్మిదో ఏట ఇనుప తాళ్లకు గ్రీజు పూయడానికి చేరాడు. యాభై ఎనిమిది నిండేసరికి నగరంలో సగం మందిని పైకి చేర్చాడు, తాను మాత్రం కిందే ఉండిపోయాడు. ఇలాంటివాళ్లకు కంపెనీలు ఓ గోడ గడియారం చేతిలో పెట్టి చప్పట్లు కొడతాయి. అతని ఇంట్లో అలాంటివి రెండున్నాయి, రెండూ ఆగిపోయాయి.

భార్య ఒకప్పుడు టెలిఫోను ఎక్స్చేంజీలో పనిచేసింది. గొంతే ఆమె బతుకుతెరువు. ఆ గొంతు వినడానికే పనిలేని ఫోన్లు చేసేవాడినని అతను పెళ్లయిన పదేళ్లకు ఒప్పుకున్నాడు. ఇప్పుడామె ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి. వాక్యం పూర్తయ్యేలోపు రెండుసార్లు ఆగాలి. మందులు రోగం వేగాన్ని తగ్గిస్తాయి తప్ప నయం చేయవన్నాడు డాక్టరు. ఎన్నాళ్లని అడిగితే నాలుగైదేళ్లని గోడకేసి చూస్తూ చెప్పాడు.

ఇప్పుడే ఉద్యోగం మానేసి ఆమె పక్కన కూర్చోవాలా, కంపెనీ ఉండనిస్తానన్న మూడేళ్లూ చేసి నాలుగు డబ్బులు వెనకేయాలా? ఆ ప్రశ్నే ఇద్దరినీ మందుల దుకాణం పైనున్న చిన్న గదికి తీసుకెళ్లింది. అక్కడ ఒకమ్మాయి పదవీ విరమణ లెక్కలు వేసి పెడుతుంది. ఏ పథకమూ అంటగట్టదు, తన ఫీజు తాను తీసుకుంటుంది. మెట్లెక్కి వచ్చిన భార్య కుర్చీలో కూలబడి, మాట్లాడే ఓపిక లేక చేతులు జోడించింది.

ఆ అమ్మాయి పొదుపు, పింఛను, ఇంటి ఖర్చు, మందుల ఖర్చు, ఏడాదికి రెండు ప్రయాణాల ఖర్చు అడిగి కంప్యూటరులో వేసింది. తెర మీద పెద్ద పచ్చ అక్షరాలతో అంకె పడింది. ఇప్పుడే మానేస్తే గెలుపు అవకాశం డెబ్బై ఒక శాతం.

"ఫస్టు క్లాసే కదా మేడం!" అన్నాడు అతను. బడిలో లెక్కల్లో ముప్పై అయిదు దాటని మనిషి.

"ఇవి మార్కులు కావు సార్."

"అయితే నూటికి ఇరవై తొమ్మిది పాళ్లు రోడ్డున పడతామన్నమాట." వెలిగిన మొహం అంతలోనే ఆరిపోయింది.

"అదీ కాదు. మీ ముందున్న ఏళ్లని ఇది వెయ్యిసార్లు ఊహించుకుంది. ఒకసారి మార్కెట్టు మొదట్లోనే పడిపోతుంది, ఒకసారి ధరలు మండిపోతాయి, ఒకసారి అన్నీ కలిసొస్తాయి. ఏడొందల పదిసార్లు చివరిదాకా డబ్బు నిలిచింది. చిల్లర మిగిలినా గెలుపే అంటుంది, మూటలు మిగిలినా గెలుపే అంటుంది."

"మిగతా రెండొందల తొంభైలో?"

"చాలావాటిలో ఎనభై దాటాకే దాచుకున్నది అయిపోతుంది. అప్పుడైనా పింఛను ఆగదు. పైగా ఇది మొద్దుది సార్. ఉన్నది కరిగిపోతుంటే కూడా మీరు కళ్లు మూసుకుని అంతే ఖర్చు పెడతారనుకుంటుంది. మీరలా చేస్తారా?"

"ఈయనా?" అంది భార్య. "బల్బు మాడితే... చీకటి కంటికి మంచిదంటాడు."

ఆ అమ్మాయి నవ్వింది. "డెబ్బై ఒకటికీ డెబ్బై నాలుగుకీ పెద్ద తేడా లేదు. మనం వేసిన అంచనాల్లో ఒకటి కాస్త అటూ ఇటూ అయితే చాలు, ఇదీ మారిపోతుంది. దీన్ని జాతకంలా చూడకండి." ఆ తర్వాత మూడేళ్లు ఉద్యోగం కలిపి చూపించింది. ఎనభై ఏడు.

"అయితే మూడేళ్లూ చేసేస్తా," అన్నాడతను. భార్య చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు తెరకేసి చూసింది.

"తల్లీ, ఇందులో నాకెన్నేళ్లు వేశావు?"

"ఇద్దరికీ తొంభై అయిదమ్మా. జాగ్రత్త కోసం అందరికీ అంతే వేస్తాం."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. "నాకు అరవై ఏళ్లే వెయ్యి."

ఆమెకప్పుడు యాభై ఆరు. ఆ అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. "అమ్మా..."

"వెయ్యి తల్లీ. లెక్కే కదా."

వేసింది. ఎనభై ఎనిమిది.

ఒక మనిషి తిండి, మందులు, రైలు టిక్కెట్టు అన్నీ లెక్కలోంచి పోయాయి. డబ్బుకు ఆయుష్షు పెరిగింది. గెలుపు అన్న మాట అక్కడే, అదే పచ్చరంగులో నిలబడి ఉంది. యంత్రాలకు సిగ్గుండదు. వాటికి ఆ మాట నేర్పినవాళ్లకైనా ఉండాల్సింది.

"చూశారా," అంది ఆమె భర్తతో. "మూడేళ్లు మీరు లిఫ్టు గుంటల్లో పాకితే వచ్చేది... నేను కాస్త ముందెళ్తే... ఊరికే వస్తోంది. ఇంక దేనికా ఉద్యోగం? రేపే మానేయండి."

ఇంట్లో ఉండమని నోరు తెరిచి అడగలేక ఆమె ఇలా అడుగుతోందని అతనికి తెలిసింది. ఆ అంకె చూసుకుని మానేస్తే ఆమె పోతుందని సంతకం పెట్టినట్టే. మూడేళ్లూ చేస్తే, తిరిగొచ్చేసరికి ఆమె ఉంటుందో ఉండదో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అది తీసెయ్యండి మేడం," అన్నాడు. "ఇద్దరికీ తొంభై అయిదే ఉంచండి. ఆ డెబ్బై ఒకటితోనే మానేస్తా."

ఆ అమ్మాయి వద్దనలేదు. "చూసుకుంటూ నడిచేవాళ్లకు డెబ్బై ఒకటి తక్కువేం కాదు సార్. మొదటి ఏళ్లలో మార్కెట్టు పడితేనే దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకని రెండేళ్ల ఖర్చు విడిగా బ్యాంకులో పెట్టండి. పడిన ఏడాది ప్రయాణాలు తగ్గించండి. ఏటా ఒకసారి వచ్చి కూర్చోండి."

అతను మానేశాడు. కంపెనీవాళ్లు మూడో గడియారం ఇచ్చారు.

ఏడాది తిరిగాక ఒక్కడే ఆ మెట్లెక్కాడు. ఆ అమ్మాయి కొత్త అంకెలు వేసింది. ఎనభై ఒకటి. నవ్వబోయి, ఖాళీ కుర్చీ చూసి ఆగిపోయింది.

"పెరిగిందేం?" అన్నాడు.

"మార్కెట్టు మామూలుగానే ఉంది సార్. వైద్యం ఖర్చు పెరిగినా మొత్తమ్మీద మీరే తక్కువ ఖర్చు పెట్టారు. ప్రయాణాల డబ్బు దాదాపు కదల్లేదు. ఇక ముందూ ఇంతేనన్నారుగా, అందుకే పెరిగింది."

కదల్లేదు నిజమే. ఒకసారి సముద్రం చూద్దామని బయల్దేరి, ఆమెకు ఊపిరందక సగం దారిలోనే దిగి వెనక్కొచ్చారు. తర్వాత వీధి చివరిదాకా. తర్వాత గుమ్మం దాకా. ఆమె లోకం ఎంత ముడుచుకుంటే ఈ అంకె అంత ఎదిగింది.

"దీన్ని తగ్గించండి మేడం."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి క్షణం పట్టింది. "ఖర్చు పెంచుకోవచ్చు సార్. భయం లేదు, మీకు ఆ వెసులుబాటు ఉంది. దేనికి పెడదాం?"

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంది. నర్సు వస్తోంది. మంచి మంచం కొన్నాడు. నలభై ఏళ్లు కష్టపడి దాచిన డబ్బు చేతిలో ఉంది, దాంతో ఇంకేం కొనాలో తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య ముక్కుకు గొట్టంతో మంచానికి ఆనుకుని ఉంది.

"ఎంతొచ్చిందేంటి?"

"డబ్బు బాగా ఉందిట. ఏం కావాలో అడుగు. ఏదైనా సరే, ఖరీదైనది అడుగు."

ఆమె నిజంగానే ఆలోచించింది. యంత్రం గురగురమంటోంది.

"ఆ కిటికీ తియ్యండి," అంది. "దానికెంతవుతుందో... ఆ అమ్మాయినడిగి రండి."

అతను లేచి కిటికీ తీశాడు. గాలి లేదు. అయినా తీసే ఉంచాడు.