మా అత్త బొమ్మ కింది మాట

మా ఆయన ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో పెట్టినప్పటి నుంచి మా అత్తది ఒకటే పోరు: "ఆ కెమెరా డబ్బా అమ్మేసి, మడక పట్టి సేద్యం చేసుకో నాయనా." ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండేళ్లకు, నంద్యాలలో ఒక బట్టల షావుకారు తన క్యాలెండరుకు మా ఆయన తీసిన ఫొటో తీసుకున్నాడు. బాగుంటే ఏటేటా పని ఇస్తానన్నాడు. ఇదీ తప్పితే మడకేనని అత్త తేల్చి చెప్పేసింది.

ఆ ఫొటో అత్తదే. తొలివానలో, వాకిట్లో, నెత్తి మీదికి చేట ఎత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. దాని కింద వేయడానికి మా ఆయన ఒక సినిమా పాటలోంచి వాన చరణం రాసుకున్నాడు. ఇద్దరం నంద్యాల ప్రెస్సుకు పోయాం.

ప్రెస్సు యజమాని కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది సినిమా పాట గదప్పా. హక్కులన్నీ మావేనని పాటల పుస్తకం మీదే అచ్చేసింటారు. నేనెయ్యను. సాయంత్రంలోగా మీ సొంత మాట ఇయ్యండి. లేదంటే దేవుడి బొమ్మతో కానియ్యమన్యాడు షావుకారు."

మా ఆయన అక్కడే కూర్చుని వాన తీసి చినుకు పెట్టాడు, మనసు తీసి గుండె పెట్టాడు. గర్వంగా చేతికిచ్చాడు. యజమాని చదువుతూ చదువుతూ కాలితో తాళం వేసి, రాగం అందుకున్నాడు!

"పాట పాటగానే ఉంది. అంగీ మార్చినావంతే."

నాకు నవ్వు ఆగలేదు. మా ఆయనకు ఒళ్లు మండింది. "నవ్వుతాండావే! నువ్వు రాయి చూద్దాం."

నాకు మాత్రం పౌరుషం ఉండదా? పాట రాసిన కాగితం చించిపారేశాను. "ఆ పాటలో నీకు నచ్చిందేందయ్యా?" అన్నాను.

"సంతోషం."

"ఎవరి సంతోషం?"

ఫొటో చేతిలోకి తీసుకుని చూశాను. చేట వెనక్కి వాలిపోయి ఉంది. అత్త మొహమంతా వానకే ఇచ్చేసింది. ఓయమ్మో, ఈమె తడవకుండా ఉండటానికి ఎత్తలేదు చేట! వెంటనే రాసిచ్చాను: "తడుద్దామనే వచ్చినా. చేట ఉత్త సాకు."

యజమాని రాగం తీయబోయాడు. కుదరలేదు. పకపకా నవ్వి, "ఇది మీదే తల్లీ," అని అక్షరాలు కూర్చమన్నాడు. షావుకారుకూ తెగ నచ్చింది.

క్యాలెండరు ఇంటికొచ్చాక, చదువురాని అత్తకు చదివి వినిపించాను.

"నేనెప్పుడంటినే ఆ మాట?"

"నువ్వనలేదత్తా. నేనే రాసినా."

అత్త తనే మేకు కొట్టి, వాకిలికి ఎదురుగా తగిలించింది. మడక మాట మళ్లీ ఎత్తలేదు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ మాత్రం చూపించి చెప్పేది:

"ఆ మాట నాది గాదు, మా కోడలిది. తడిసింది మాత్రం నేనే."