సిద్దికా చుట్టిన డైనమో

పొదిలి బస్టాండు వెనక సందులో మోటార్ల వైండింగ్ షాపు ఒకటుండేది. బోర్డు మీద గౌస్ బాషా పేరు. లోపల పీట మీద కూర్చుని రాగి తీగ చుట్టేది మాత్రం ఆయన భార్య సిద్దికా. బాషా మోటారు విప్పుతాడు, కాలిన తీగ పీకుతాడు, బేరింగు చూస్తాడు, వచ్చిన రైతుతో గంటలు గంటలు మాట్లాడతాడు. చుట్టు లెక్క తప్పకుండా, తీగ మీది పూత గీసుకుపోకుండా కాయిల్ చుట్టడం ఆవిడ పని. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా మోటారు బాగా నడిస్తే "బాషా చెయ్యి మంచిది" అనేవాళ్ళు. సిద్దికా పెదవి బిగించి నవ్వుకునేది. మొగుడు కూడా ఒక్కనాడు "బాగా చుట్టావే" అన్న పాపాన పోలేదు. అదేం దుర్మార్గం కాదు. ఆయనకి ఆ మాట తట్టేది కాదు, అంతే.

బాషా మంచివాడు. మంచివాడికి ఒక పిచ్చి పట్టుకుంటే ఇల్లు ఎలా గుల్లవుతుందో చూడాలంటే ఆ ఇంటికే పోవాలి.

కరువు సంవత్సరాలు అవి. బోర్లు ఎండిపోగా మిగిలిన కాసిని నీళ్ళు పైకి లాగుదామంటే కరెంటు ఉండదు. రైతులు షాపుకొచ్చి తిట్టని తిట్టు లేదు. వినీ వినీ బాషాకి ఒక ఆలోచన పుట్టింది. మోటారు కరెంటు తిని తిరుగుతుంది. డైనమోని తిప్పితే కరెంటు ఇస్తుంది. రెండింటినీ ఒకే ఇనప చక్రానికి బెల్టులతో కడితే? డైనమో ఇచ్చిన కరెంటు మోటారుకిస్తే మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం డైనమోని తిప్పుతుంది. మొదట ఒకసారి చేత్తో తిప్పి వదిలితే చాలు, ఇక ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. మిగిలిన బలంతో పంపు నడుస్తుంది.

"మిగలడం ఎక్కణ్ణించి మిగులుతుందయ్యా?" అంది సిద్దికా.

"నువ్వు చుట్టు. నేను చూపిస్తాగా," అన్నాడు.

చుట్టింది. పాత సామాను కొట్లలో ఏరుకొచ్చిన పెద్ద అయస్కాంతాలను బాషా ఒక ఇరుసుకు బిగించాడు. వాటి చుట్టూ ఉండే కాయిల్స్ సిద్దికా చుట్టింది. మూలపడ్డ పత్తి మిల్లు నుంచి పెద్ద చక్రం దొరికింది. అన్నీ కలిపి బిగించి, కరెంటున్న పూట మోటారుతో తిప్పి చూశారు. డైనమో తీగలకు మీటరు పెడితే ముల్లు చివరిదాకా లేచింది. ఇంట్లోకి వచ్చే కరెంటు ఎంతో అంత చూపించింది. బాషా షాపులోనే గంతులేశాడు.

ఆ మీటరే కొంప ముంచింది. మీటరు చూసేదే గాని తినేది కాదు. దాని గుండా పోయే కరెంటు ఉండీ లేనట్టు ఉంటుంది. ఆకలి లేనివాణ్ణి పంక్తిలో కూర్చోబెట్టి వంట సరిపోయిందని చంకలు గుద్దుకున్నట్టయింది బాషా సంబరం.

మెయిన్ ఆపి, డైనమో కరెంటు మోటారుకు మళ్ళిస్తే చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. బెల్టు జారిందన్నాడు. బెల్టు మార్చినా ఆగింది. చక్రం చాలలేదన్నాడు. ఇంకా బరువైన చక్రం తెస్తే ఇంకాస్త సేపు తిరిగి ఆగింది. బరువైన చక్రం వేగం నెమ్మదిగా పోగొట్టుకుంటుంది, అందులో వింతేముంది? బాషాకి మాత్రం దారి దొరికినట్టే అనిపించింది. ఎక్కువ సేపు తిరిగింది కాబట్టి దగ్గరికొచ్చామన్నాడు.

అప్పుడొచ్చాడు పేరయ్య. కనిగిరి రోడ్డులో పక్కూరి రైతు. మిరప వేశాడు. ఆయన మోటారు ఎన్నిసార్లు కాలినా బాగుచేసింది ఈ షాపే. ఆయన భార్య హనుమాయమ్మ పొదిలి వచ్చిందంటే సిద్దికాతో టీ తాగకుండా బస్సెక్కదు. తోట పూత మీదుంది, పిందె దిగుతోంది. సరిగ్గా అప్పుడే వాళ్ళ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు.

"మా ఊరి ప్రేమదాసు తన ఆయిలింజనుతో చేలకు వంతుల మీద నీళ్ళు పెడుతున్నాడు. రేపు నా వంతు. ఇది పోతే మళ్ళీ ఊరంతా తిరిగొచ్చేదాకా రాదు," అన్నాడు పేరయ్య. అని మూలనున్న మిషను వంక చూశాడు. "ఇదేందిరా బాషా?"

బాషా చెప్పాడు. మీటరు ముల్లు లేపి చూపించాడు. ఆ చెప్పడంలో ఎంత నమ్మకముందంటే, పేరయ్య కళ్ళు మెరిశాయి. సిద్దికా కాయిల్ వదిలేసి లేచింది.

"మావయ్యా, మీ వంతు మీరు వదులుకోకండి. ఇదింకా కుదరలా."

"కుదరకపోవడమేంది? దీనికి పెద్ద చక్రం, కొత్త బెల్టు వేశాగా. నీ వంతు వేరేవాళ్ళకిచ్చెయ్యి బాబాయ్. రేప్పొద్దున్నే ట్రాక్టరులో వేసుకొస్తా," అన్నాడు బాషా.

పేరయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. ఎన్నేళ్ళ నుంచో తన మోటారు బతికిస్తున్నవాడి మాట పట్టుకున్నాడు. ఎవరు పట్టుకోరు చెప్పండి?

మర్నాడు పొద్దున మిషను చేలో దిగింది. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. ఇంజను పక్క చేలోకి వెళ్ళిపోయి అక్కడ బుడబుడమని నీళ్ళు పోస్తోంది. నలుగురు మనుషులు చక్రానికి మోకు చుట్టి లాగి తిప్పారు. తీగలు ఇంకా కలపలేదు కాబట్టి చక్రం హాయిగా తిరిగింది. వేగం అందుకుంది. మీటరు ముల్లు లేచింది. జనం ఈలలు వేశారు. హనుమాయమ్మ సిద్దికా చెయ్యి పట్టుకుంది.

బాషా స్విచ్చు వేశాడు.

చక్రం ఒక్కసారి మూలిగింది. బెల్టు కీచుమంది. చూస్తుండగానే, ఎవరో కనపడకుండా వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు, నీరసించి నిలబడిపోయింది. మళ్ళీ మోకు చుట్టారు. మళ్ళీ స్విచ్చు వేశాడు. మళ్ళీ అంతే. ఆ నలుగురిలో ఒకడు, బాషా స్విచ్చు వేసిన తర్వాత కూడా మోకు వదలకుండా లాగాడు. లాగినంతసేపూ మోటారు గుర్రుమంది, వాడి అరచేతులు కమిలిపోయాయి. "ఓరి నాయనో, ఇది తిరగడం కాదురా, ఎదురు తన్నుతోంది!" అని మోకు వదిలేశాడు. పంపుకు బెల్టు ఎక్కించేదాకా పని రానేలేదు.

ఆ మాటకు సిద్దికా గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ ఎదురుతన్ను ఆమెకు బాగా తెలుసు. అయస్కాంతముండే డైనమో ఏది రిపేరుకొచ్చినా వాళ్ళ షాపులో మొదట చేసే పరీక్ష అదే. రెండు తీగల కొసలూ కలిపి ఇరుసును చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే లోపల ఎక్కడో తీగ తెగిందని అర్థం. చేతికి బరువుగా తగిలితే వైండింగ్ బాగున్నట్టు. బాషాకి పని నేర్పిన హుస్సేన్ సాహెబ్ ఆ పరీక్ష నేర్పితే, పెళ్ళయిన కొత్తలో బాషా దాన్ని ఆమెకు నేర్పాడు. అయస్కాంతం దగ్గరికొస్తుంటే కాయిల్లో పుట్టిన కరెంటు ఆ కాయిల్‌నే ఒక అయస్కాంతంగా మార్చి దాన్ని రావద్దని నెడుతుంది. వెళ్ళిపోతుంటే పోవద్దని లాగుతుంది. ఎటు కదిలినా కదలికకే అడ్డం. కరెంటు ఎంత తీసుకుంటే అంత అడ్డం. ఆ అడ్డాన్ని నెట్టేవాడు బయట ఒకడుంటేనే కరెంటు. తన కరెంటుతో తననే నెట్టుకోమంటే అది ఎక్కణ్ణించి తెస్తుంది? ఇన్నేళ్ళు చేత్తో తెలుసుకున్నది ఆ గట్టు మీద ఆమె మనసుకి తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది.

పేరయ్య ప్రేమదాసు దగ్గరికి పరిగెత్తాడు. వంతు ఇచ్చేసినవాడికి మధ్యలో ఇస్తే ఊరు ఊరుకుంటుందా? ఇంజను తిరిగొచ్చేసరికి పూత రాలిపోయింది, పిందె ముడుచుకుపోయింది. ఆ తర్వాత పోసిన నీళ్ళు చచ్చినదానికి పోసినట్టే అయ్యాయి.

ఆయన మళ్ళీ షాపు గడప తొక్కలేదు. వచ్చి తిట్టినా బాగుండేది. ఆ వేసవికి మొగుడూ పెళ్ళాం గుంటూరు వెళ్ళి, పరాయివాళ్ళ మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో చేరారని తెలిసింది. వెళ్ళేరోజు హనుమాయమ్మ మూట నెత్తిన పెట్టుకుని షాపు ముందు నుంచే నడిచింది. టీ గ్లాసు పట్టుకుని సిద్దికా గుమ్మంలో నిలబడింది. హనుమాయమ్మ తల తిప్పలేదు. ఆ గ్లాసు చల్లారిపోయేదాకా సిద్దికా అక్కడే నిలబడింది.

బాషాకి బుద్ధొస్తుందనుకుంటే పిచ్చి ముదిరింది. మిషను తిరిగితే పేరయ్యను వెనక్కి పిలుచుకురావచ్చని ఆయన లెక్క. ఇంకో పనిలేదు, ఇంకో మాట లేదు. రిపేరుకొచ్చిన మోటార్లు మూలపడ్డాయి. అవి అడిగీ అడిగీ రైతులు వేరే షాపులకి తీసుకుపోయారు. "వైండింగులో లోపముంది, మళ్ళీ చుట్టు," అంటాడు. సిద్దికా పీకి మళ్ళీ చుట్టేది. ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా, ఇంకాస్త నున్నగా. ప్రతిసారీ డైనమో ఇంకాస్త గట్టిగా అడ్డం పడేది. తన పని ఎంత బాగుంటే మొగుడు అంత కుంగిపోతున్నాడు. ఈ బతుకేం బతుకని ఆమె వార్నిష్ డబ్బా ముందు కూర్చుని ఏడ్చేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె ఒక పని చేసింది. కాయిల్స్ అన్నీ చుట్టి, ఒక్క అతుకుకి టంకం పెట్టకుండా, తీగలు తగలకుండా మీద గుడ్డ టేపు చుట్టేసింది. పుట్టి బుద్ధెరిగి ఆమె చేసిన మొదటి దొంగపని అది.

బాషా తీగల కొసలు కలిపి ఇరుసు తిప్పాడు. అది గిర్రున తిరిగింది. ఆయన మొహం విచ్చుకుంది. "సిద్దికా, పట్టుకోవట్లేదే! వదిలేసింది!" అని చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. ఎన్ని నెలల తర్వాతో ఆ నవ్వు చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ నవ్వు ఒక్క రెప్పపాటే ఉంది. ఎంతైనా వైండింగ్ మేస్త్రీ. చెయ్యి ఇరుసు మీదే ఆగిపోయింది.

బల్బు తగిలించి తిప్పాడు. వెలగలేదు.

"ఎక్కడ?" అన్నాడు.

ఆమె టేపు మీద వేలు పెట్టింది.

"ఎందుకే?"

"ఒక్క పూటైనా నువ్వు నవ్వుతుంటే చూద్దామని," అంది.

ఆయన కోప్పడలేదు. టేపు తానే విప్పాడు. కొసలు గీరి, మెలిపెట్టి, టంకం పోశాడు. అది చల్లారేదాకా ఆగాడు. తర్వాత తీగలు కలిపి, ఆమె చెయ్యి పట్టుకుని ఇరుసు మీద పెట్టించి, దాని మీద తన చెయ్యి వేసి తిప్పాడు. కదలనని మొరాయించింది. బలమంతా పెడితే కొంచెం కదిలింది.

"ఎంత బాగా చుట్టావే," అన్నాడు బాషా. అని, ఆ ఇరుసు మీదే తల పెట్టి ఏడ్చాడు.