బ్రహ్మస్థానంలో లేని జాకీ

సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద సభల్లో వాదిస్తున్నాను. జాతకాల వాళ్లను, తాయెత్తుల వాళ్లను, దిష్టి తీసేవాళ్లను మైకు ముందు నిలబెట్టి నోరు మూయించాను. వేదిక మీద ఓడిన గుర్తు లేదు. నేను ఓడింది కోదాడలో, ఒక ఫంక్షన్ హాలు స్లాబ్ కింద. అప్పుడు చప్పట్లు కొట్టడానికి గాని, ఈల వేయడానికి గాని ఎవరూ లేరు.

పొట్టకూటికి నేను చేసేది ఇంజనీరు పని. స్లాబ్ పోసేముందు సెంట్రింగ్ చూసి, లెక్క కట్టి, పోయవచ్చని సంతకం పెడతాను. తడి కాంక్రీటు తనను తాను మోయలేదు. గట్టిపడేదాకా దాన్ని మోసేది కింద వేసిన ప్లైవుడ్డూ, చెక్కలూ, వాటికి నిలువు ఆసరాగా నిలిపే ఇనుప జాకీలే. భవనం గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లెవరూ వీటిని తలుచుకోరు. పని అయ్యాక విప్పి లారీలో వేసుకుపోయే సామాను మీద ఎవరికి గౌరవం ఉంటుంది?

ఆ హాలు మిర్యాలగూడ రైస్ మిల్లు యజమానిది. పోత మర్నాడు పొద్దున. నేను ముందురోజు మధ్యాహ్నం వెళ్లాను. కోదాడ సెంట్రింగ్ మేస్త్రీ చేతిలో సుత్తితో ఎదురొచ్చాడు.

"చూసుకోండి సార్. తప్పు దొరికితే ఈ సుత్తి మీకే ఇచ్చేస్తా."

నిజంగానే దొరకలేదు. ప్లైవుడ్డు పన్నెండు మిల్లీమీటర్లది. దాని కింద అడ్డచెక్కలు మూడు వందల మిల్లీమీటర్లకొకటి ఉన్నాయి. కొందరు చెక్క మిగులుతుందని నాలుగు వందల యాభైకి జరుపుతారు. దూరం ఒకటిన్నర రెట్లయితే ప్లైవుడ్డు వంపు అయిదు రెట్లవుతుందని వాళ్లకు తెలియదు; స్లాబ్ అడుగున అలలు తేలాక సిమెంటును తిడతారు. ఇతను చెక్కల్ని మేకు కొట్టడం సులువని పడుకోబెట్టలేదు, తక్కువ వంగేలా అంచు మీద నిలబెట్టాడు. ఆ చెక్కలు కింద పెద్ద దూలాల మీద ఆనాయి. దూలాల మధ్య పన్నెండు వందలు, ఒక్కో దూలం కింద జాకీకీ జాకీకీ మధ్య తొమ్మిది వందలు.

గోడకానుకుని కాగితం తీశాను. రెండు వందల మిల్లీమీటర్ల స్లాబ్. చదరపు మీటరుకు ఇనుముతో కలిపి తడి కాంక్రీటు అయిదు వందల ఇరవై కిలోలు, సెంట్రింగ్ బరువు యాభై, పైన తిరిగే మనుషులకూ సామానుకూ రెండు వందల యాభై. మొత్తం ఎనిమిది వందల ఇరవై. ఒక్కో జాకీ వాటాకు ఒక చదరపు మీటరు పైచిలుకు జాగా వస్తుంది. అంటే దాదాపు ఎనిమిది వందల తొంభై కిలోలు. జాకీని ఎంత పొడుగు సాగదీస్తే దాని మోత అంత తగ్గుతుంది. పదమూడడుగుల ఎత్తుకు సాగిన ఈ రకం జాకీ వెయ్యి కిలోలు మోస్తుందని కిరాయికిచ్చినవాళ్ల పట్టికలో ఉంది. సరిపోయింది. సంతకానికి పెన్ను మూత తీశాను.

అప్పుడు హాలు నడిమధ్యకు వచ్చాను.

అక్కడ ఒక జాకీ లేదు. దాని చోట పసుపు రాసిన పీట, పీట మీద కలశం, చుట్టూ బంతిపూలు. పైన దూలం ఏ ఆసరా లేకుండా పద్దెనిమిది వందలు సాగిపోయింది.

"ఇదేంటి?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "నేను పెట్టిందే సార్. పొద్దున తీయించారు. బ్రహ్మస్థానమంట. అక్కడ ఇనుము నాటకూడదంట."

తీయించిన ఇద్దరూ మెట్ల దగ్గర కుర్చీలేసుకుని టీ తాగుతున్నారు. ఒకరు మిల్లు సేటు, ఇంకొకరు ఆయన వెంట తిప్పుకునే వాస్తు సిద్ధాంతి. దోసిట్లో పట్టేంత విషయం కూడా లేని మనుషులు గొంతు తగ్గించి ఎలా మాట్లాడతారో, ఆయన అలా మాట్లాడతాడు.

"సేటు, ఆ జాకీ పెట్టించండి."

"సిద్ధాంతిగారు గది వద్దన్నరు సార్. నడిమిట్ల ఇనుము నాటితే ఇంటి పెద్దకు మంచిగుండదట."

"కూలితే ఇంటి పెద్దకు మంచిదా?"

"వంద జాకీలున్నయ్ గద సార్. ఒక్కటి లేకుంటే ఏమైతది?"

వంద నమ్మకాలున్నవాడికి ఒక్క లెక్క చాలా భారమవుతుంది. అయినా చెప్పాను. తీసేసిన జాకీ బరువు మాయం కాదు. దానికి అటూ ఇటూ ఉన్న రెండింటి మీదా సగం సగం పడుతుంది. ఒక్కోదానికి పదమూడు వందల కిలోలు దాటుతాయి. వాటి సత్తా వెయ్యి. ఆసరాల మధ్య దూరం రెండింతలైంది కాబట్టి దూలాన్ని వంచే బలం నాలుగింతలు. పంపు గొట్టం ఆ చోటే కాంక్రీటు కాస్త కుప్పగా పోసిందంటే ముందు దూలం, తర్వాత పక్క జాకీలు, వాటి వెనక వరస.

"మీ మిల్లులో బస్తాల నెట్టు కట్టి, కింది వరసలో నడిమి బస్తా లాగండి. పైవి నిలుస్తాయా?"

"అది బియ్యం సార్. ఇది శాస్త్రం," అన్నాడు సేటు.

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు నవ్వు రాలేదు. పోత నడుస్తున్నంతసేపూ కింద ఒక మనిషి ఉంటాడు. జాకీల్ని తడుతూ, వదులైనవి బిగిస్తూ తిరుగుతాడు.

"రేపు కిందెవరు?" అని మేస్త్రీని అడిగాను.

"నేనే సార్. ఇంకెవరిని పంపుతా? కూలోళ్లను పంపి నేను పైన నిలబడాలా?"

ఆ మాట విన్నాక సేటు వైపు తిరిగాను. "సరే. జాకీ వద్దు. రేపు పోత అయ్యేదాకా మీరూ సిద్ధాంతిగారూ ఆ కలశం పక్కన కూర్చోండి. మేస్త్రీ పైన ఉంటాడు. మీరు కూర్చున్నాక సంతకం పెడతాను."

సేటు కప్పు కింద పెట్టాడు. సిద్ధాంతి కళ్లు మూసుకుని వేళ్లు లెక్కపెట్టాడు. "రేపు నాకు ప్రయాణం ఉన్నది," అన్నాడు.

"నాక్గూడ మిల్లుల పనుంది," అన్నాడు సేటు.

"అయితే మేస్త్రీకే పని లేదన్నమాట."

తర్వాత సిద్ధాంతి కళ్లు తెరిచాడు. ఇరవై ఏళ్ల సభల్లో నేను చూడనంత చురుకైన బుర్ర అది. "జాకీ కింద రాగిరేకు ఏస్తే ఇనుము భూమిని తాకనట్టే. ఇగ దోషం లేదు," అన్నాడు.

సేటు ముఖం వెలిగిపోయింది. "జర ముందుగాలనే చెప్పకపోతిరి! రేకు తెప్పిస్త."

నా నోటి దాకా వచ్చింది. రాగికీ ఇనుముకీ గ్రహాలతో ఏ చుట్టరికం లేదని, ఇప్పుడే కనిపెట్టిన ఈ విరుగుడు నిన్నటి శాస్త్రంలో ఎక్కడుందని అడగాలి. వేదిక మీదయితే అడిగేవాణ్నే. కానీ రాగిరేకు బరువు మోయకపోయినా మోతకు అడ్డం రాదు. నోరు మూసుకున్నాను.

బజారు నుంచి రేకు వచ్చింది. దాని మీద పలక, పలక మీద జాకీ. మేస్త్రీ తూకపు గుండు వేలాడదీసి నిలువు చూశాడు. దూలం ఆనేదాకా మాత్రమే బిగించాడు. అతిగా బిగిస్తే దూలం పైకి లేచి పక్క జాకీలు వదులవుతాయి. నేను సంతకం పెట్టాను. మర్నాడు అతను కింద తిరిగాడు, పోత అయ్యాక బయటికొచ్చి బీడీ అడిగాడు.

ఆ తర్వాత సేటు చుట్టాలందరికీ చెప్పాడట, స్లాబ్ నిలిచింది రాగి మహిమ అని. ఇప్పుడు నేరేడుచర్లలో, మిర్యాలగూడలో ఏ పెద్ద హాలు సెంట్రింగ్ కింద దూరినా నడిమి జాకీ కింద రాగిరేకు మెరుస్తుంటుంది. నేను కూలగొట్టాలనుకున్న మతానికి నా సంతకంతోనే కొత్త ఆచారం పుట్టింది.

మొన్న మిర్యాలగూడలో అదే మేస్త్రీ కనిపించాడు. మళ్లీ నడుమ ఖాళీ, మళ్లీ కలశం. యజమాని వేరు, భయం అదే.

"రేకు కోసం బజారుకెళ్లాలి సార్. గంట పడుతుంది," అన్నాడు.

"అక్కర్లేదు," అని సంచి తెరిచాను. టేపుకీ తూకపు గుండుకీ మధ్య జానెడు రాగిరేకు ఉంది. తీసి ఇచ్చాను.

అతను దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మీరు కూడానా సార్?"

"కింద ఉండేది నువ్వే కదా," అన్నాను. "పెట్టు ముందు."